తాళం వేసిన ఇంటికి ఇన్సూరెన్స్: విదేశాల్లో ఉన్నవాళ్ళు చెన్నైలోని ఇంటి గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మడిపాక్కంలో మా బావ ఇల్లు ఉంది. వాళ్ళ నాన్నగారు కట్టించింది. బావ, అక్కయ్య డల్లాస్‌లో ఉంటారు, తాళాలు నా దగ్గర ఉంటాయి. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుఫాను వచ్చి ఆ ఇంట్లోకి నీళ్ళు వచ్చాక, ఇన్సూరెన్స్ కంపెనీతో నాలుగు నెలలు తిరిగింది నేనే. ఆ తిరుగుడులో నేర్చుకున్నదాన్ని మావాళ్ళలో ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు. అన్నానగర్‌లో ఇల్లు ఉండి సింగపూర్‌లో ఉండేవాళ్ళు, పెరంబూర్‌లో తాతగారి ఇల్లు ఉండి లండన్‌లో ఉండేవాళ్ళు, అందరిదీ దాదాపు ఒకటే ప్రశ్న. అందుకే ఒక్కచోట రాసిపెడుతున్నాను.

ఇంట్లో ఎవరూ లేకపోతే పాలసీ చెల్లదా?

చెల్లుతుంది, కానీ అన్ని భాగాలూ ఒకేలా చెల్లవు. ఇక్కడే అందరూ బోల్తా పడేది. ఇంటి పాలసీ అని మనం అనుకునేది నిజానికి రెండు మూడు సెక్షన్లు కలిపి కుట్టిన కాగితం. కట్టడానికి ఒక సెక్షన్, లోపలి సామానుకి ఒకటి, దొంగతనానికి ఇంకొకటి ఉంటాయి. ఇల్లు ఖాళీగా ఉండటం గురించి ఒక్కో సెక్షన్‌లో ఒక్కో మాట రాసి ఉండొచ్చు, లేదా ఒకదాంట్లో అసలేమీ ఉండకపోవచ్చు.

2021 ఏప్రిల్ 1 నుంచి ఇళ్ళ కోసం భారత్ గృహ రక్ష అనే స్టాండర్డ్ పాలసీని, ఇన్సూరెన్స్ కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ అన్ని జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీల చేతా అమ్మించడం మొదలుపెట్టింది. అంతకుముందు ఇళ్ళకు కూడా వాడిన స్టాండర్డ్ ఫైర్ పాలసీలో ఒక షరతు ఉండేది. ఇన్సూర్ చేసిన కట్టడం 30 రోజులకు మించి ఎవరూ నివసించకుండా ఉండిపోతే, నష్టం జరగకముందే కంపెనీ అనుమతిని ఎండార్స్‌మెంట్ రూపంలో తీసుకుని ఉండకపోతే, ఆ కట్టడానికి ఇన్సూరెన్స్ వర్తించడం ఆగిపోతుందని దాని సారాంశం. దొంగతనం ఒక్కటే కాదు, నిప్పు, వరద, తుఫాను, మొత్తం. ఇలాంటి షరతు ఇప్పటికీ కంపెనీల సొంత ప్యాకేజీ పాలసీలలో, ముఖ్యంగా దొంగతనం సెక్షన్‌లో కనిపిస్తుంది. రోజుల లెక్క ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది.

నా పాలసీలో ఆ షరతు ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

ఏజెంట్‌ని అడగొద్దు. కంపెనీ వెబ్‌సైట్ నుంచి మీ పాలసీ వర్డింగ్ పీడీఎఫ్ దించుకుని, అందులో `unoccupied`, `vacant`, `consecutive days` అని వెతకండి. షెడ్యూల్ అనే రెండు పేజీల కాగితం చూస్తే సరిపోదు, అందులో డబ్బులూ తేదీలూ తప్ప షరతులు ఉండవు. దొరికిన ప్రతి వాక్యం ఏ సెక్షన్ కింద ఉందో రాసుకోండి. జనరల్ కండిషన్స్ కింద ఉంటే మొత్తం పాలసీకి వర్తిస్తుంది, బర్గ్లరీ అంటే దొంగతనం సెక్షన్ మినహాయింపుల్లో ఉంటే దానికి మాత్రమే. ఈ తేడా తెలుసుకోవడానికి పది నిమిషాలు పడుతుంది. నేను ఆ పది నిమిషాలు పెట్టలేదు, ఫలితం కింద చెబుతాను.

ఏ మాటా దొరకకపోయినా ఊరుకోవద్దు. ఇంటి పరిస్థితి మారితే, అద్దెకు ఇస్తే, వాడకం మారితే మాకు చెప్పాలి అనే షరతు మీ బాధ్యతలు అనే భాగంలో వేరే మాటల్లో ఉంటుంది.

అన్ఆక్యుపైడ్, వేకెంట్ రెండూ ఒకటే కదా?

మామూలు మాటల్లో ఒకటే, ఇన్సూరెన్స్‌లో కాదు. మంచాలు, బీరువా, గిన్నెలు అన్నీ ఉన్నాయి కానీ మనుషులు లేరు, అది అన్ఆక్యుపైడ్. మనుషులూ లేరు, సామానూ లేదు, గోడలే ఉన్నాయి, అది వేకెంట్. మా బావ ఈ తేడా దగ్గరే మొండికేశాడు. ఆయన డల్లాస్ ఇంటి పాలసీలో వేకెంట్ అనే మాట ఉంది. అక్కడి పాలసీలలో మామూలుగా 60 రోజులు దాటితే కావాలని చేసిన విధ్వంసానికి, అద్దాలు పగలడానికి కవర్ పోతుంది. "మన ఇల్లు వేకెంట్ కాదురా, సామానంతా ఉంది కదా" అని నాకు ఫోన్‌లో క్లాసు పీకాడు. నిజమే, కానీ ఇక్కడి పాలసీలో రాసింది అన్ఆక్యుపైడ్ అని. సామాను నిండా ఉన్నా ఇంట్లో ఎవరూ పడుకోకపోతే ఆ మాట కిందకే వస్తుంది.

నేను వారానికోసారి వెళ్ళి దీపం పెట్టి, కిటికీలు తెరిచి వస్తాను. అది నివసించడం కింద లెక్కకు రాదా?

రాదనే అనుకుని నడుచుకోండి. నివాసం అంటే ఎవరో ఒకరు అక్కడ వండుకుని, తిని, పడుకోవడం. వారానికి గంట తాళం తీయడం ఇంటికి మంచిదే, మీ క్లెయిమ్‌కి సాక్ష్యంగా కూడా పనికొస్తుంది, కానీ రోజుల లెక్కను ఆపదు.

నష్టం అంచనా వేయడానికి కంపెనీ పంపే సర్వేయర్‌కి ఇది ఎలా తెలుస్తుందని అనుకుంటారేమో. చెన్నైలో చాలా సులువు, ఈబీ వాళ్ళ కరెంటు మీటరు రీడింగ్ చాలు. రెండు నెలలకోసారి తీసే రీడింగ్‌లో మా ఇంటికి ఆగస్టు తర్వాత పడింది 6 యూనిట్లు. మొదటి 100 యూనిట్లు ఉచితం కాబట్టి బిల్లు సున్నా, మాకు సంతోషం. సర్వేయర్ ఆ రీడింగ్ చూసి "ఎవరూ ఉండటం లేదా సార్?" అని ఒక్క మాట అడిగాడు, అంతే. గ్యాస్ బుకింగ్ చరిత్ర, పక్కింటివాళ్ళ మాట, పాల ప్యాకెట్ ఆపేసిన తేదీ, ఇవన్నీ కూడా అదే కథ చెబుతాయి. కాబట్టి అబద్ధం చెప్పే ఆలోచన పెట్టుకోవద్దు. అబద్ధం పట్టుబడితే రావలసిన వరద క్లెయిమ్ కూడా పోతుంది.

నెలకోసారి ఎవరో ఒకరు రెండు రాత్రులు పడుకుంటే 30 రోజుల లెక్క మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుందా?

షరతులో "వరుసగా" అనే మాట ఉంటే వాదించడానికి చోటు ఉంది. నిజంగా కుటుంబంలో ఎవరైనా వచ్చి ఉంటే, ఆ రాత్రులకు సాక్ష్యం ఉంటే, బాగానే నిలబడుతుంది. లెక్క కోసం వాచ్‌మన్ కొడుకుని పంపి ఒక రాత్రి పడుకోబెట్టి ఫోటో తీసుకోవడం మాత్రం నాకు నమ్మకం లేని దారి. అంత కష్టపడే బదులు ఒక ఎండార్స్‌మెంట్ అడగండి.

ఎండార్స్‌మెంట్ అంటే ఏంటి? ఎలా అడగాలి?

పాలసీ షరతును మార్చినట్టుగా కంపెనీ నంబరు వేసి ఇచ్చే అదనపు కాగితం. ఏజెంట్ "ఓకే నోటెడ్ సార్" అని వాట్సాప్‌లో పెట్టేది ఎండార్స్‌మెంట్ కాదు. బ్యాంకులో పాలసీ అంటగట్టిన రిలేషన్‌షిప్ మేనేజర్ "పర్వాలేదు సార్, మన సిస్టమ్‌లో ఉంది" అన్నా కాదు.

కంపెనీ కస్టమర్ కేర్ మెయిల్‌కి, పాలసీ ఇచ్చిన బ్రాంచ్‌కి కలిపి పాలసీదారు పేరుతోనే మెయిల్ పంపాలి. అందులో పాలసీ నంబరు, ఇంటి చిరునామా, ఏ తేదీ నుంచి ఎవరూ ఉండరో, మళ్ళీ ఎప్పుడు వస్తారని అనుకుంటున్నారో, తాళాలు ఎవరి దగ్గర ఉంటాయో, వాళ్ళు ఎన్నాళ్ళకోసారి చూసి వస్తారో రాయాలి. మెయిన్ స్విచ్, మోటారు, సంపు వాల్వ్, గ్యాస్ కట్టేసే సంగతీ చెప్పాలి. చివర్లో ఒక వాక్యం తప్పకుండా ఉండాలి: ఈ పాలసీలోని అన్ని సెక్షన్ల కింద, ఇల్లు ఖాళీగా ఉన్న కాలంలో కూడా కవర్ కొనసాగుతుందని ఎండార్స్‌మెంట్ ఇవ్వండి, ఏ సెక్షన్‌కి అయినా ఇవ్వలేకపోతే ఆ సెక్షన్ పేరు రాసి చెప్పండి, అని.

కంపెనీ కొంచెం అదనపు ప్రీమియం అడగవచ్చు, గ్రిల్ గేటు ఉండాలనో వాచ్‌మన్ ఉండాలనో షరతు పెట్టవచ్చు. షరతు పెడితే అది మీకు నిజంగా సాధ్యమా అని చూసుకుని ఒప్పుకోండి. 24 గంటల వాచ్‌మన్ అని ఒప్పుకుని, రాత్రిపూట మాత్రమే వచ్చే మనిషిని పెడితే ఆ ఎండార్స్‌మెంటే మీ మీదకు తిరుగుతుంది.

మీ ఇంటి విషయంలో అసలేం జరిగింది?

బావ వాళ్ళ అమ్మగారు 2023 ఆగస్టు 20న డల్లాస్ వెళ్ళారు. ఆరు నెలలుండి వస్తానని వెళ్ళారు. పాలసీ ఒక ప్యాకేజీ: కట్టడానికీ సామానుకీ భారత్ గృహ రక్ష మాటలే, దానికి జతగా కంపెనీ సొంత బర్గ్లరీ సెక్షన్. సెప్టెంబర్ మొదట్లో నేను గుర్తు చేస్తే బావ మెయిల్ పెట్టాడు, పది రోజుల్లో ఎండార్స్‌మెంట్ వచ్చింది. అబ్బ, పని అయిపోయిందని ఇద్దరం సంతోషించాం. అందులో నిప్పు, వరద లాంటివాటికి వర్తించే ఫైర్ అండ్ అల్లైడ్ పెరిల్స్ సెక్షన్ అని మాత్రమే రాసి ఉంది. నేను చదివాను కానీ ఆ ఒక్క ముక్క బుర్రకు ఎక్కలేదు.

డిసెంబర్ 4న వాన. తుఫాను తీరం దాటింది మన బాపట్ల దగ్గర, మునిగింది మాత్రం చెన్నై. మడిపాక్కంలో మా వీధి చెరువైపోయింది. నేను ఉండేది వడపళని, నాలుగు రోజుల పాటు అటు వెళ్ళే దారే లేదు. 8వ తేదీన నడుం లోతు నీళ్ళు పోయి మోకాళ్ళ లోతుకు వచ్చాక వెళ్ళాను. వెనక కాంపౌండ్ గోడ పడిపోయింది, కింది అంతస్తులో మూడడుగుల ఎత్తున బురద గీత. ఫోటోలు, వీడియో తీసుకుని, తాళం వేసి వచ్చేశాను. ఫోటోలో ఇన్వర్టర్, రెండు బ్యాటరీలు, దేవుడి గదిలో ఇత్తడి సామాను కనిపిస్తున్నాయి. మళ్ళీ వెళ్ళింది 17న. వెనక తలుపు గొళ్ళెం విరగ్గొట్టి ఉంది, ఇన్వర్టర్ లేదు, బ్యాటరీలు లేవు, ఇత్తడి లేదు.

ఎంత క్లెయిమ్ చేశారు, ఎంత వచ్చింది?

వరద భాగం చూద్దాం. గోడ 85,000, కింది అంతస్తు వైరింగ్ 60,000, ఉబ్బిపోయిన మూడు తలుపులు 54,000, రంగులు 70,000, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, మంచం కలిపి 72,000, పైన ఒక గదిలో చెమ్మ పట్టిన గోడకి 45,000. మొత్తం 3,86,000.

గోడ, వైరింగ్, తలుపులు, సామాను పూర్తిగా ఒప్పుకున్నారు. కాంపౌండ్ గోడ, గేటు, నీళ్ళ ట్యాంకు కూడా కట్టడం కిందే వస్తాయని చాలామందికి తెలియదు, అడగకుండా వదిలేస్తారు. రంగులకు 38,000 ఇచ్చారు, నీళ్ళు తాకిన గదుల వరకే. పై గది చెమ్మకి ఏమీ ఇవ్వలేదు, అది ఏళ్ళ తరబడి టెర్రస్ నుంచి దిగుతున్న నీరని సర్వేయర్ చూడగానే చెప్పాడు. నిజం చెప్పాలంటే నాకూ తెలుసు. అలా 3,09,000 అయింది. బురద ఎత్తించడానికి 9,000 ఖర్చయింది, శిథిలాల తొలగింపుకి క్లెయిమ్ మొత్తంలో 2 శాతం వరకే కాబట్టి 6,180 ఇచ్చారు. చేతికి వచ్చింది 3,15,180.

దొంగతనం భాగం 64,000. ఒక్క రూపాయి రాలేదు.

దొంగతనం ఎందుకు ఇవ్వలేదు? వరద వల్లే కదా దొంగ పడింది?

అదే మా వాదన, అందులో కొంత బలం కూడా ఉంది. భారత్ గృహ రక్షలో మామూలు దొంగతనానికి కవర్ లేదు, కానీ వరద, తుఫాను, నిప్పు లాంటి కవర్ అయ్యే ప్రమాదం జరిగిన 7 రోజుల లోపు, దాని కారణంగానే దొంగతనం జరిగితే ఇస్తారు. వరద 4వ తేదీ, అంటే 11 దాకా. 8న సామాను ఉన్నట్టు నా ఫోటోలే చెబుతున్నాయి, 17న పోయినట్టు నేనే చెప్పాను. మధ్యలో ఏ రోజు పోయిందో ఎవరికీ తెలియదు. 10న పోయి ఉండొచ్చు, 15న పోయి ఉండొచ్చు. 11 లోపే పోయిందని మేం చూపించలేకపోయాం.

ఇక మిగిలింది బర్గ్లరీ సెక్షన్. దానికి 7 రోజుల గొడవ లేదు, తలుపు విరగ్గొట్టిన గుర్తులూ ఉన్నాయి. కానీ ఆ సెక్షన్‌లో ఇల్లు వరుసగా 30 రోజులకు మించి ఖాళీగా ఉంటే వర్తించదని ఉంది, మేం 106 రోజులు దాటేశాం, మా ఎండార్స్‌మెంట్‌లో ఆ సెక్షన్ లేదు. రెండు తలుపులూ మూసుకున్నాయి.

నేను 8 తర్వాత 10న, 12న వెళ్ళి ఒక్కో ఫోటో తీసి ఉంటే సంగతి వేరేగా ఉండేది. వరద తర్వాతి వారం రోజులు తాళం వేసిన ఇంటికి చాలా ప్రమాదమైన రోజులు, వీధిలో కరెంటు ఉండదు, మనుషులు ఉండరు, తలుపులు ఉబ్బి సరిగ్గా పడవు. ఆ వారం రోజూ వెళ్ళండి, లేదా విలువైనవి తీసి మీ ఇంటికి తెచ్చేసుకోండి.

ఇంటికి ఎంత మొత్తానికి ఇన్సూరెన్స్ చేయాలి? మార్కెట్ రేటుకా?

కాదు. స్థలం కొట్టుకుపోదు. భారత్ గృహ రక్షలో లెక్క కార్పెట్ ఏరియాని ఇప్పటి నిర్మాణ ఖర్చుతో గుణించడమే. మా బావ ఇల్లు రెండు అంతస్తులూ కలిపి 1,600 చదరపు అడుగులు, మా మేస్త్రీ చెప్పిన రేటు అడుగుకి 2,400, అంటే 38,40,000. స్థలంతో కలిపి ఇల్లు కోటిన్నర పలుకుతుందని కోటిన్నరకి తీసుకుంటే ఊరికే ప్రీమియం ఎక్కువ కట్టడమే, ఇల్లు పూర్తిగా కూలినా వచ్చేది కట్టే ఖర్చే.

సామానుకి విడిగా జాబితా ఇవ్వకపోయినా కట్టడం మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల వరకు దానంతటదే కవర్ అవుతుంది. మా లెక్కలో 7,68,000. ఖాళీ ఇంటికి అది ఎక్కువే. నగలు, పాత వెండి అందులోకి రావు, వాటికి విడిగా తీసుకోవాలి. తాళం వేసిన ఇంట్లో వాటిని ఉంచి ఇన్సూరెన్స్ వెతకడం కంటే లాకర్‌లో పెట్టడం నయం.

ఒకేసారి ఎక్కువ ఏళ్ళకు, 10 ఏళ్ళ దాకా తీసుకోవచ్చు, ఏటా మొత్తం 10 శాతం దానంతటదే పెరుగుతుంది. విదేశాల్లో ఉండేవాళ్ళకు రెన్యూవల్ మరిచిపోయే జబ్బు ఉంటుంది కాబట్టి నేనైతే మూడేళ్ళు, ఐదేళ్ళు అంటాను. ఒక్క జాగ్రత్త: ఐదేళ్ళ పాలసీ తీసుకుంటే ఎండార్స్‌మెంట్ మీద ఏ తేదీ వరకు అని ఉందో చూడండి, అది ఆరు నెలలకే ముగిసిపోవచ్చు.

అమెరికాలో నా ఇంటి ఇన్సూరెన్స్ కంపెనీయే దీన్ని కూడా కవర్ చేస్తే బాగుండు కదా?

కుదరదు. ఇండియాలో ఉన్న ఆస్తిని విదేశీ కంపెనీ దగ్గర ఇన్సూర్ చేయడానికి ఇన్సూరెన్స్ చట్టం 1938, సెక్షన్ 2సీబీ ప్రకారం ఐఆర్‌డీఏఐ ముందస్తు అనుమతి కావాలి. ఇక్కడి కంపెనీ దగ్గరే తీసుకోండి, ఎన్నారైకి అడ్డేమీ లేదు. ప్రీమియం ఎన్నారో ఖాతా నుంచి కట్టండి. 2023 జనవరి 1 నుంచి అన్ని పాలసీలకూ కేవైసీ తప్పనిసరి కాబట్టి పాస్‌పోర్టు, పాన్ లేదా ఓసీఐ కార్డు దగ్గర పెట్టుకోండి.

ఇల్లు ఇంకా చనిపోయిన నాన్నగారి పేరు మీదే ఉంది. పాలసీ ఎవరి పేరుతో తీసుకోవాలి?

ఇంటి మీద హక్కు ఉన్నవాళ్ళ పేరుతో. వీలునామా ఉంటే అందులో పేరున్నవాళ్ళు, లేకపోతే వారసులందరూ. తాసిల్దార్ ఇచ్చే లీగల్ హెయిర్ సర్టిఫికెట్ తీసి పెట్టుకోండి, పట్టా పేరు మార్చే దాకా అదే ఆధారం. ఇద్దరు అన్నదమ్ములుంటే ఒక్కరి పేరు మీద తీసుకుని, తర్వాత డబ్బు దగ్గర మాటలు పడొద్దు, ఇద్దరి పేర్లూ రాయించండి.

ఇక్కడ ఎవరూ చెప్పని చిక్కు ఒకటుంది. నాన్నగారు బతికుండగా పాలసీ తీసుకుని, తర్వాత పోతే, పాలసీ మామూలుగా వారసులకు కొనసాగుతుంది, ఎందుకంటే హక్కు చట్టం ద్వారానో వీలునామా ద్వారానో వచ్చింది. అదే నాన్నగారు బతికుండగానే కొడుకు పేరున గిఫ్ట్ డీడ్ రాసి రిజిస్టర్ చేస్తే, ఇల్లు చేతులు మారినట్టే, పాత పాలసీ ఆ రోజుతో పనికిరాకుండా పోవచ్చు. పండక్కి వచ్చినప్పుడు గబగబా గిఫ్ట్ డీడ్ చేయించుకుని వెళ్ళిపోయేవాళ్ళు చాలామంది. రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి బయటికి వచ్చిన రోజే కంపెనీకి మెయిల్ పెట్టండి.

పైన అద్దెకిచ్చి, కింద తాళం వేసి ఉంచితే?

ఖాళీ ఇంటి కంటే చాలా మెరుగు, కట్టడంలో మనుషులున్నారు. కానీ అద్దెకు ఇచ్చిన సంగతి కంపెనీకి చెప్పాలి, కింది భాగం సామాను సంగతి విడిగా రాసి అడగాలి. రోజువారీ అద్దెకు, టూరిస్టులకు ఇస్తే అది నివాసం కాదు, వ్యాపారం, వేరే కథ.

క్లెయిమ్ కోసం బావ ఇండియా రావాలా? పవర్ ఆఫ్ అటార్నీ కావాలా?

రానక్కర్లేదు. సర్వేయర్‌తో తిరగడానికి, కాగితాలు ఇవ్వడానికి, పోలీస్ స్టేషన్‌కి వెళ్ళడానికి మాకు బావ సంతకం చేసిన ఆథరైజేషన్ లెటర్ స్కాన్ సరిపోయింది. డబ్బు మాత్రం పాలసీదారు ఖాతాకే వెళ్తుంది, క్యాన్సిల్డ్ చెక్కు ఆయన పేరుదే ఇవ్వాలి. కొన్ని కంపెనీలు, డబ్బుకి ఒప్పుకున్నట్టు సంతకం చేసే చివరి డిశ్చార్జ్ వోచర్ దగ్గర పవర్ ఆఫ్ అటార్నీ అడుగుతాయి. అది అక్కడ ఇండియన్ కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించి పంపితే, ఇక్కడికి చేరిన 3 నెలల లోపు స్టాంప్ వేయించాలి. వరద వచ్చాక పరిగెత్తే బదులు, వచ్చినప్పుడే ఇక్కడే ఒకటి చేయించి నా బీరువాలో పెట్టమని బావకి చెప్పాను. ఈసారి విన్నాడు.

పోలీస్ విషయంలో ఒక మాట. తమిళనాడులో స్టేషన్‌కి వెళ్తే ముందు ఫిర్యాదు అందిందని చెప్పే సీఎస్ఆర్ రసీదు చేతిలో పెడతారు. అది ఎఫ్ఐఆర్ కాదు. దొంగతనం క్లెయిమ్‌కి ఎఫ్ఐఆర్ అడుగుతారు, కాబట్టి రసీదు తీసుకుని ఇంటికి వచ్చి పడుకోకుండా వెంటపడండి.

కంపెనీ కాదంటే ఎక్కడికి వెళ్ళాలి?

ముందు కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాతపూర్వకంగా. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కి వెళ్ళవచ్చు, 50 లక్షల వరకు క్లెయిమ్‌లు వింటారు, ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. చెన్నైలో ఆఫీసు ఉంది.

మేం 64,000 కోసం వెళ్ళలేదు. రంగుల దగ్గర, చెమ్మ దగ్గర కూడా వెళ్ళలేదు. ఎండార్స్‌మెంట్‌లో మా సెక్షన్ లేకపోవడం మా తప్పే, దాంట్లో కొట్లాడటానికి ఏముంది. మీ మెయిల్‌లో అన్ని సెక్షన్లూ అడిగి, కంపెనీ జవాబులో ఏదీ కాదనకుండా ఎండార్స్‌మెంట్ ఇచ్చి, తర్వాత దొంగతనం దగ్గర మాట మారిస్తే మాత్రం తప్పకుండా వెళ్ళండి, చేతిలో కాగితం ఉంటుంది.

ఇల్లు అమ్మకానికి పెట్టేశాం, సామానంతా తీసేశాం. ఇంకా పాలసీ అవసరమా?

రిజిస్ట్రేషన్ అయ్యేదాకా ఇల్లు మీదే, గోడ పడినా నష్టం మీదే. పైగా ఇప్పుడు సామాను లేదు కాబట్టి పైన చెప్పిన వేకెంట్ అనే మాట కిందకు వచ్చేశారు, అన్ఆక్యుపైడ్ అని తీసుకున్న ఎండార్స్‌మెంట్ దీనికి సరిపోతుందో లేదో మళ్ళీ మెయిల్ పెట్టి అడగండి. బ్రోకర్ల చేతికి తాళాలు ఇచ్చేస్తారు కదా, ఎవరెవరికి ఇచ్చారో కూడా అందులో రాయండి.